రెండో సంవత్సరానికి చోటు

స్కాల్నిత్సె అనే చిన్న ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ పేరు రాతిపనివాడు బ్లాజెయ్ చేతిమీదుగానే రాతిలోకి ఎక్కేది. భర్త పోతే భర్త పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం చెక్కేవాడు. దాని కిందే భార్య పేరు, ఆమె పుట్టిన సంవత్సరం కూడా చెక్కి, పక్కన నాలుగంకెలు పట్టేంత ఖాళీ వదిలేవాడు. ఆ ఊళ్ళో అది మామూలే. ఆదివారం పూట ఆడవాళ్ళు పూలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళి, తమ పేరున్న రాయి మీది నాచు తామే తుడుచుకుని వస్తారు.

బ్లాజెయ్ వాళ్ళ నాన్న కూడా రాతిపనివాడే. ఇద్దరు పిల్లలకూ ఉలి పట్టడం నేర్పాడు కానీ, పని మాత్రం పంచి ఇచ్చాడు. అక్షరాలు కొడుక్కి, అంకెలు కూతురికి. అక్షరం తప్పితే చుట్టాలు పోట్లాటకు వస్తారని, అంకె తప్పితే ఎవరూ చూడరని ఆయన లెక్క. ఆ కూతురు, బ్లాజెయ్ అక్క హెడ్విక, పద్దెనిమిదో ఏట నూలుమిల్లులో చేరేదాకా ఆ ఊరి చావుపుట్టుకల అంకెలన్నీ ఆమె చెక్కినవే. ఒక్కటీ తప్పలేదు.

మిల్లులో పగలంతా కండెలు మార్చి, సాయంత్రం ఊరి గుట్టమీదున్న వేధశాలకు వెళ్ళేది. అక్కడ టిక్కెట్లు చింపి ఇవ్వడంతో మొదలుపెట్టింది. తర్వాత దుర్భిణి మూత తీయడం, తర్వాత శనివలయాలను చూసి నోరు తెరిచినవాళ్ళను పక్కకు జరగమనడం. అలా అలా చూడవచ్చినవాళ్ళకు ఆకాశం గురించి చెప్పే మనిషి అయింది. చదువు చూస్తే ఎనిమిదో తరగతి. మిల్లు మూతపడ్డాక వేధశాలే ఆమె ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడూ చేసుకోలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. శుక్రవారాల్లో గసగసాలు చల్లిన నూడుల్స్. ఆ ఇంట్లో పోట్లాట ఏదైనా ఉందంటే ఉప్పు దగ్గరే.

వేధశాల పెద్ద కుబెష్ డాక్టరు, అంటే ఖగోళంలో డాక్టరేట్ ఉన్నవాడు. ఆయన జీవితమంతా గ్రహశకలాల దారులు లెక్కగట్టాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒక గుండీ ఊడి ఉండేవాడు. గ్రహాల బాట వెయ్యాలన్న ఆలోచన ఆయనదే. ఊరి నడిబొడ్డున సూర్యుణ్ణి నిలబెట్టి, అక్కణ్ణుంచి మీటరుకు పది లక్షల కిలోమీటర్ల చొప్పున గ్రహాలను వరసగా పాతాలి. నడిచేవాళ్ళకు దూరం కాళ్ళకు తెలియాలి. మేయరు స్లావిక్ ఒప్పుకున్నాడు. రాళ్ళు బ్లాజెయ్ చేస్తానన్నాడు.

"ఊరందరికీ రాళ్ళు చేశాను. ఇవి మాత్రమే చావు లేనివాళ్ళవి" అన్నాడు నవ్వుతూ. అప్పటికే దగ్గు మొదలైంది.

సూర్యుడు మనిషి ఛాతీ ఎత్తు ఇత్తడి గోళం. భూమి శనగగింజకన్నా కాస్త పెద్ద ఉక్కుపూస, నూట యాభై మీటర్ల దూరంలో, రొట్టెల దుకాణం ఎదురుగా. గురుడు దబ్బపండంత, బడి గోడ దగ్గర. నెప్ట్యూన్ నాలుగున్నర కిలోమీటర్ల అవతల, పాత పిండిమర దగ్గర. ప్లూటో ఇంకా పధ్నాలుగు వందల మీటర్లు పోయాక అడవిలో, ఆవగింజంత పూస, దాని పక్కన రెండు సెంటీమీటర్ల ఎడంలో సగం సైజు ఉన్న మరో పూస, దాని చంద్రుడు ఖారాన్. ప్రతి పూసనూ లేత పసుపు ఇసుకరాతిలో గుంట తొలిచి బిగించాడు బ్లాజెయ్. రాతిమీద పేరు, వరస సంఖ్య. దుర్భిణి వచ్చాక కనుక్కున్న మూడింటికి మాత్రం కనుక్కున్న సంవత్సరం కూడా.

చివరి రాయి 2006 మే నెలలో పూర్తయింది. పై వరసలో ప్లూటో. దాని కింద తొమ్మిదవ గ్రహం. దాని కింద 1930. అప్పటికి బ్లాజెయ్ నాలుగు అక్షరాలు చెక్కి ఒకసారి కూర్చునేవాడు. కుబెష్ చూడటానికి వచ్చి, రాయి చుట్టూ తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"బ్లాజెయ్, మనలో మాట. ఈ 1930 మధ్యలో లేదయ్యా. ఎడమకు జరిగిపోయింది. యురేనస్ మీదా, నెప్ట్యూన్ మీదా ఇంతే."

"అలాగే పడుతుంది డాక్టరుగారూ. చేతి అలవాటు."

"తాగి చెక్కావా ఏంటి?"

"తాగితే ఇంకా తిన్నగా వచ్చేది."

పక్కనే ఉన్న హెడ్విక ఆ మాట పట్టించుకోలేదు. తమ్ముడి చెయ్యి వణుకుతోందని ఆమెకు తెలుసు. దాన్ని ఎవరూ పైకి అనకపోతే చాలనుకుంది. జూన్ పదకొండున బ్లాజెయ్ పోయాడు. నలభై ఏళ్ళ రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని చెప్పారు. బాట ప్రారంభం ఆగస్టు ఇరవై ఏడు, ఆదివారం అని మేయరు ఊరంతా కాగితాలు అంటించాడు. తొమ్మిది గ్రహాలు, ఆరు కిలోమీటర్లు, చివర్లో సాసేజీలు, బీరు.

ఆ ఆగస్టులోనే ప్రపంచంలోని ఖగోళ శాస్త్రవేత్తలంతా ప్రాగ్‌లో సమావేశమయ్యారు. కుబెష్ సభ్యుడు. హెడ్విక సభ్యురాలు కాదు కానీ, కాగితాలు పంచడానికి, తలుపుల దగ్గర నిలబడటానికి మనుషులు కావాలంటే ఆయన ఆమె పేరు ఇచ్చాడు. గ్రహం అంటే ఏమిటో అక్కడ తేల్చబోతున్నారని అప్పటికే పత్రికల్లో వచ్చింది. సమావేశం మొదలైన మూడోరోజు ముసాయిదా బయటికొచ్చింది. ఆ మధ్యాహ్నమే మేయరు ఫోను చేశాడు.

"హెడ్వికా గారూ, నేను స్లావిక్‌ని. రేడియోలో పన్నెండు అంటున్నారేంటండీ! పన్నెండు గ్రహాలంట!"

"ముసాయిదానే లెండి. ఇంకా ఓటు పడలేదు."

"పడితే? ప్రారంభం నాటికి మూడు రాళ్ళు ఎక్కణ్ణించి తేవాలి నేను? మీ తమ్ముడు చేసినవేమైనా మిగిలున్నాయా?"

"నా తమ్ముడు గ్రహాలు మిగిల్చి పోలేదండీ."

ఫోను పెట్టేశాక ఆమెకు కొంచెం సంతోషం కలిగింది. కారణం కుబెష్ చెప్పిన లెక్క. ఆ ముసాయిదా ప్రకారం సూర్యుడి చుట్టూ తిరుగుతూ, తన బరువుకు తానే గుండ్రంగా అయిపోయినదల్లా గ్రహమే. అప్పుడు ప్లూటోకు ఢోకా లేదు. దానితో పాటు కుజుడికీ గురుడికీ మధ్యనున్న సెరెస్ చేరుతుంది. ఖారాన్ కూడా చేరుతుంది, ఎందుకంటే అది, ప్లూటో రెండూ కలిసి తిరిగే కేంద్రం ప్లూటో ఒంట్లో కాక బయట, ఖాళీలో ఉంటుంది. ముందటి ఏడాది ప్రకటించిన, ప్లూటో కంటే పెద్దదని అప్పట్లో లెక్కగట్టిన, ఇంకా పేరైనా పెట్టని మరొకటి చేరుతుంది. అసలు గొడవంతా దానితోనే వచ్చింది. ప్లూటోను ఉంచి దాన్ని బయట నిలబెట్టడానికి ఎవరి దగ్గరా కారణం లేదు.

"సెరెస్ అంటే మన బాటలో ఎక్కడ పడుతుంది?" అని అడిగింది హెడ్విక.

"నాలుగు వందల మీటర్ల దగ్గర. మందుల షాపు గుమ్మంలో. గసగసం గింజంత."

"తొమ్మిదోది తొమ్మిదోదిగానే ఉంటుందా?"

కుబెష్ ఆమెను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సెరెస్ మధ్యలో దూరితే మీ తొమ్మిది పది అవుతుంది కదండీ."

ఆమె దాని గురించి ఆలోచించనేలేదు. అయినా తొమ్మిది పది కావడం వేరు, గ్రహమే కాకపోవడం వేరు. అంకెను సరిదిద్దవచ్చు. రాతిలో పడ్డ మాటను సరిదిద్దాలంటే రాయి ముఖం మొత్తం అరగదీయాలి. తమ్ముడు కూర్చుని కూర్చుని చెక్కిన ఆఖరి అక్షరాలు అవి.

ముసాయిదా నిలవలేదు. సభలో, వరండాల్లో, కాఫీల దగ్గర వారం రోజులు తగువులు నడిచాయి. దారులు లెక్కగట్టేవాళ్ళంతా ఒక వైపు చేరారు. వాళ్ళకు గుండ్రతనం ఒక్కటే చాలదు. కుబెష్ వాళ్ళలో ఒకడని హెడ్వికకు ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం, ఓటింగుకు రెండు గంటల ముందు, సభాభవనం కింద బంగాళాదుంపల సూపు తాగుతుండగా తెలిసింది.

"మీరు ఎటు వేస్తారు?"

"మూడో షరతు వైపు."

"అంటే ప్లూటోకు వ్యతిరేకంగా."

"ప్లూటోకు వ్యతిరేకమేంటండీ? అది నాకేం చేసింది?" అని ఆయన చెంచా పక్కన పెట్టాడు. "చూడండి. మొదటి షరతు, సూర్యుడి చుట్టూ తిరగాలి. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు, కాబట్టి ఎంత పెద్దవాడైనా గ్రహం కాడు. రెండోది, తన బరువు తననే లోపలికి లాక్కుని గుండ్రంగా అయ్యేంత ఉండాలి. చిన్న శకలాలు బంగాళాదుంపల్లా వంకరగానే ఉండిపోతాయి, రాయి గట్టిదనాన్ని వంచేంత బరువు వాటికి లేదు. ఈ రెండింటిలో ప్లూటో నెగ్గింది. మూడోది, తన దారి చుట్టుపక్కల తానే పెద్దగా నిలబడి, మిగతావాటిని ఊడ్చేసి ఉండాలి."

"గురుడు ఊడ్చాడా? వాడి దారిలో ముందొక గుంపు, వెనకొక గుంపు రాళ్ళు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయని మీరే కదా చెప్పారు. నేను పాతికేళ్ళుగా బడిపిల్లలకు అదే చెబుతున్నాను."

"పొద్దున్న ఒకాయన లేచి సరిగ్గా ఇదే అడిగాడు. మీరు పక్కన కూర్చుని ఉంటే చెయ్యి కలిపేవాడు" అని కుబెష్ నవ్వాడు. "ఆ రాళ్ళు అక్కడ ఎందుకున్నాయి? గురుడు తన పట్టుతో ఆ చోట నిలబెట్టాడు కాబట్టి. ఊడ్చడమంటే ఒక్క నలుసు లేకుండా చెయ్యడం కాదు. ఆ పేటలో ఎవరి మాట చెల్లుతుందన్నదే ప్రశ్న. భూమి దారిలోకీ అప్పుడప్పుడు శకలాలు వస్తాయి. కానీ వాటన్నిటినీ ఒక కుప్ప పోసినా, భూమి ఆ కుప్పకు పది లక్షల రెట్ల పైనే బరువు. ప్లూటోనో? దాని పేటలో తిరిగేవాటిని కుప్ప పోస్తే, ప్లూటో అందులో పదోవంతు కూడా తూగదు."

"నెప్ట్యూన్ దారిలోకి ప్లూటో వస్తుంది కదా. మరి నెప్ట్యూన్ దాన్ని ఊడ్చలేదే?"

"ఊడ్చలేదు, తన తాళానికి కట్టేసింది. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోపు ప్లూటో సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది. ఎప్పుడూ ఢీకొనకుండా. ఆ తాళం వేసేది నెప్ట్యూను, ఆడేది ప్లూటో. ఇక పెద్దరికం ఎవరిదంటారు?"

హెడ్విక సూపులో రొట్టెముక్క ముంచి, తినకుండా పట్టుకుంది. లెక్క ఆమెకు బాగానే ఎక్కింది. ఎక్కకపోతే బాగుండేదనిపించింది.

"సెరెస్‌ను కూడా ఒకప్పుడు గ్రహమన్నారు, గుర్తుందా? పద్దెనిమిది వందల ఒకటిలో దొరికింది. చాన్నాళ్ళు పుస్తకాల్లో గ్రహాల వరసలోనే రాశారు. తర్వాత అదే దారిలో ఒకదాని వెనక ఒకటి దొరుకుతూ పోయాయి. అప్పుడు తీసి శకలాల్లో వేశారు. ప్లూటోకు ఇప్పుడు అదే జరుగుతోంది, నూట యాభై ఏళ్ళు ఆలస్యంగా. చుట్టాలు బయటపడ్డారు, అంతే."

"ఒక్క దారీ లేదా?"

ఆయనకు ఆమె ఏం అడుగుతోందో అర్థమైంది. బ్లాజెయ్ రాయి ఆయనకూ తెలుసు. "ఒకటుంది. రెండో తీర్మానం. 'గ్రహం' అన్నచోట ముందు 'సంప్రదాయ' అన్న మాట చేర్చాలని. అది గెలిస్తే ఎనిమిదీ సంప్రదాయ గ్రహాలవుతాయి, ప్లూటోలాంటివి మరుగుజ్జు గ్రహాలవుతాయి, రెండూ గ్రహాల్లో రకాలే. ఓడిపోతే మరుగుజ్జు గ్రహమన్నది గ్రహాల్లో రకం కాదు, పక్కన వేరే తెగ. పేరులో గ్రహం ఉంటుంది, లెక్కలో ఉండదు."

"దానికి మీరు ఎటు?"

"హెడ్వికా గారూ, మీ తమ్ముడు నాకు స్నేహితుడు. కానీ ఓటు కార్డు నేను నా లెక్క ప్రకారమే ఎత్తాలి."

ఆమె సూపు పూర్తిచేసింది.

సభలో పసుపుపచ్చ కార్డులు పంచారు. నాలుగు వందల మంది పైగా కూర్చున్నారు. వెనక వరసల్లో విలేకరులు నిలబడ్డారు. చేతులెత్తాక లెక్క తేడా రాకుండా లెక్కపెట్టే మనుషులను వరసల వారీగా పెట్టారు. హెడ్వికకు ఎడమవైపు ఎనిమిది వరసలు వచ్చాయి. అందులో నాలుగో వరసలో కుబెష్ ఉన్నాడు.

మొదటి తీర్మానానికి, అంటే ఆ మూడు షరతుల నిర్వచనానికి, అనుకూలురు చేతులెత్తమన్నారు. హాలంతా పసుపుపచ్చగా అయింది. లెక్కపెట్టనక్కర్లేదన్నారు. ఆమె చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది.

రెండోదానికి లెక్కపెట్టమన్నారు. 'సంప్రదాయ' అన్న మాట కావాలనేవాళ్ళు. ఆమె తన వరసల మధ్య నడుస్తూ ఒక్కో కార్డును చూపుడువేలితో గాలిలో తాకుతూ పోయింది. నాలుగో వరసలో కుబెష్ చెయ్యి కిందే ఉంది. ఆయన ఆమెను చూడలేదు, తన బూట్లను చూసుకున్నాడు. ఎనిమిది వరసల్లో పద్దెనిమిది కార్డులు. చివరి వరసలో ఒక ముసలాయన మోచెయ్యి సగం ఎత్తి ఉంచాడు. కార్డు తలకు కిందే ఉంది. దాన్ని ఎత్తినట్టు లెక్కెయ్యవచ్చు, వెయ్యకపోవచ్చు. ఆమె ఆయన ముందు ఆగింది.

"ఎత్తారా, లేదా అండీ?"

"ఏమిటీ? లేదు లేదు, కళ్ళజోడు కోసం."

పద్దెనిమిది అని రాసి ఇచ్చింది. మొత్తం హాలులో తొంభై ఒకటి వచ్చాయి. వ్యతిరేకులు చేతులెత్తగానే మళ్ళీ లెక్క అక్కర్లేదన్నారు. ఆ మాట ఓడిపోయింది.

తర్వాతది ప్లూటో పేరెత్తి అడిగింది. ఇప్పుడు ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం ప్లూటో మరుగుజ్జు గ్రహమే, నెప్ట్యూన్ ఆవల తిరిగేవాటిలో ఒక కొత్త తెగకు అదే నమూనా అని. ఈసారి లెక్క గట్టిగా కావాలన్నారు. హెడ్విక తన ఎనిమిది వరసలూ లెక్కపెట్టింది. వెనక్కి నడుస్తూ ఇంకోసారి లెక్కపెట్టింది. అవునన్నవి నలభై ఆరు, కాదన్నవి ముప్ఫై. రెండుసార్లూ అంతే. నాలుగో వరసలో కుబెష్ కార్డు ఈసారి నిటారుగా ఉంది. అదీ ఆమె వేలితోనే లెక్కలోకి వెళ్ళింది. మొత్తం రెండు వందల ముప్ఫై ఏడు, నూట యాభై ఏడు. పదిహేడు మంది ఎటూ వెయ్యలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో కొట్టలేదు.

సాయంత్రం రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కిటికీలోంచి, బీరులో వేసే హాప్ తీగల తోటలు కనిపిస్తున్నాయి.

"కోపమా?" అన్నాడు కుబెష్.

"లెక్క సరిగ్గానే ఉంది. నేనే కదా పెట్టింది."

"నేను అడిగింది అది కాదు."

"మీరు మీ చదువుకు తగ్గట్టు వేశారు. బ్లాజెయ్ ఉంటే ఇంకో సీసా మీ ఖర్చున తాగి ఊరుకునేవాడు."

ఊరి స్టేషన్లో మేయరు స్వయంగా వచ్చి నిలబడి ఉన్నాడు. వార్త ఆయనకు వాళ్ళకంటే ముందే చేరింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆదివారానికి జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారు, ఆయనకు నవ్వులపాలు కావడం ఇష్టం లేదు.

"నేనంతా ఆలోచించానండీ. బాట నెప్ట్యూన్ దగ్గర ఆపేద్దాం. ఎనిమిది గ్రహాలు. మర దగ్గర బల్లలు వెయ్యొచ్చు, నీడ ఉంది. జనానికీ పధ్నాలుగు వందల మీటర్ల నడక తప్పుతుంది."

"రాయి?" అంది హెడ్విక.

"మనవాళ్ళు ట్రాక్టరు తెచ్చి ఎత్తేస్తారు. మీకు కావాలంటే మీ పెరట్లో పెట్టుకోండి. మీ తమ్ముడిది కదా."

"అది తీయకూడదు స్లావిక్ గారూ" అన్నాడు కుబెష్. "అది అక్కడ ఉంది, ఉంటుంది. బాటలో ఉండాల్సిందే. అబద్ధమల్లా ఆ మధ్య వరసే. దాన్ని అరగదీసి 'మరుగుజ్జు గ్రహం' అని చెక్కిద్దాం."

"ఎవరు చెక్కుతారు? ఎప్పుడు? రేపు శుక్రవారం!"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఒకరు రాయిని పెరట్లో పడుకోబెట్టమంటున్నారు, ఒకరు తమ్ముడి ఆఖరి అక్షరాలను గీకెయ్యమంటున్నారు. మూడో పని, దాన్ని ఉన్నట్టే వదిలెయ్యడం, ఆమె వల్ల కాదు. పాతికేళ్ళుగా ఆ గుట్టమీద నిలబడి తెలిసిన నిజమే చెప్పింది. ఇప్పుడు రాతిమీద తెలిసి తెలిసి అబద్ధం ఉంచి, దాని పక్కన నిలబడి చెప్పడం ఆమెకు చేతకాదు.

"శనివారం మధ్యాహ్నందాకా ఆగండి" అంది. "అప్పటికి నేను ఏదీ చెయ్యకపోతే ట్రాక్టరు పంపించండి."

శుక్రవారం వేధశాలకు సెలవు పెట్టి, తమ్ముడి కొట్టు తెరిచింది. జూన్ తర్వాత ఆ తలుపు తీయడం అదే మొదటిసారి. అరగదీసే రాళ్ళు గరుకును బట్టి వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా గరుకైనది తీసి సంచిలో వేసింది. అక్షరాల ఉలి వెతుకుతుంటే తన పాత అంకెల ఉలి దొరికింది. పిడికి గుడ్డ చుట్టి ఉంది. తమ్ముడు ఆ ఉలిని వాడుతూ వచ్చాడో, ఊరికే దాచాడో తెలియదు. అదీ సంచిలో వేసింది. మేజాబల్ల మీద ఇంకా ఎవరూ తీసుకెళ్ళని రాయి ఒకటి మిగిలి ఉంది. పైవీధి తపాలావిడ భర్తది. మనిషి పేరు, రెండు సంవత్సరాలు. కింద తపాలావిడ పేరు, 1951, పక్కన ఖాళీ. హెడ్విక దాని మీద దుమ్ము తుడిచి, ఆగి, ఆ ఖాళీని కాసేపు చూసింది. జేబులోంచి కొలత టేపు తీసి కొలిచింది. పదకొండు సెంటీమీటర్లు.

శనివారం పొద్దున సంచి భుజాన వేసుకుని సూర్యుడి దగ్గర బయలుదేరింది. యురేనస్ రాయి దగ్గర ఆగింది. 1781, ఎడమవైపు. పక్కన ఖాళీ పదకొండు సెంటీమీటర్లు. నెప్ట్యూన్ దగ్గర 1846. పక్కన పదకొండు. అడవిలో ప్లూటో రాయి మీద ఆకులు రాలి ఉన్నాయి. 1930. పక్కన పదకొండు.

తమ్ముడి చెయ్యి వణికి జరిగింది కాదు ఇది. నలభై ఏళ్ళు ఎక్కడ సంవత్సరం చెక్కినా పక్కన రెండోదానికి చోటు వదిలిన చెయ్యి, ఇక్కడా వదిలింది. గ్రహాలకు అది అక్కర్లేదని ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

అరగదీసే రాయిని సంచిలోంచి తీయనేలేదు. పెన్సిలుతో రెండు గీతలు గీసి, మధ్యలో చిన్న అడ్డగీత పెట్టి, నాలుగంకెలు రాసుకుంది. ఇసుకరాయి మెత్తనిదే కానీ ఆమె చేతులు నలభై ఏళ్ళ కిందటివి కావు. మొదటి అంకె పడటానికి గంట పట్టింది. రెండు సున్నాలు ఎప్పుడూ కష్టమే, గుండ్రతనం ఒక్క దెబ్బతో రాదు, చుట్టూ కొంచెం కొంచెంగా తినుకుంటూ పోవాలి. ఆరు పూర్తయ్యేసరికి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ట్రాక్టరు వెనక మేయరూ కుబెషూ నడుచుకుంటూ వచ్చారు.

మేయరు వంగి చదివాడు. "తొమ్మిదవ గ్రహం. 1930 – 2006." నిటారుగా నిలబడి, మళ్ళీ వంగాడు. "అయ్యయ్యో. సమాధిరాయి చేసేశారేంటండీ!"

"ఉన్నదే రాశాను. డెబ్భై ఆరేళ్ళు తొమ్మిదవ గ్రహంగా ఉంది. ఇప్పుడు కాదు. ఇందులో అబద్ధమెక్కడుంది?"

"అది చనిపోలేదు కదా" అన్నాడు కుబెష్.

"మీరు రిటైరైతే చనిపోయినట్టా? ఉద్యోగం పోయింది, మనిషి ఉన్నాడు. పేరు పై వరసలో విడిగా ఉంది చూడండి. దాని పక్కన నేనేం రాయలేదు."

కుబెష్ మోకాళ్ళమీద కూర్చుని అంకెలను వేలితో తడిమాడు. తర్వాత 1930ని తడిమాడు. తర్వాత రెండింటి మధ్యా. ఎడమకు జరిగిందని మే నెలలో తానన్న మాట ఆయనకు గుర్తొచ్చిందని హెడ్వికకు అర్థమైంది. ఆయన లేచి, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకోకుండా, "సరిపోయింది" అన్నాడు.

"ఏం సరిపోయింది? నిర్వచనమా, చోటా?" అని మేయరు విసుక్కున్నాడు.

"రెండూ. ట్రాక్టరు పంపించెయ్యండి స్లావిక్ గారూ. మరుగుజ్జు గ్రహమని కింద వరసలో తర్వాత చెక్కిస్తాం. రేపు హెడ్విక గారు నోటితో చెబుతారు."

ఆదివారం ఎండ కాసింది. రెండొందల మందికి పైగా నడిచారు. మర దగ్గర సగం మంది సాసేజీలకు ఆగిపోయారు, మిగిలినవాళ్ళు అడవిదాకా వచ్చారు. తపాలావిడ ఒగరుస్తూ వచ్చి రాయి ముందు నిలబడి, నుదుటన శిలువ గుర్తు వేసుకోబోయి ఆపుకుంది.

"పాపం, ఏం తప్పు చేసిందమ్మా ఇది?"

"తప్పేం లేదు. సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, గుండ్రంగా ఉంది. రెండు షరతులూ ఉన్నాయి. దారి దాని ఒక్కదానిదే కాదు, అంతే. ఆ పేటలో ఇలాంటివి చాలా ఉన్నాయని ఈమధ్యే తెలిసింది. వాటిలో ఇది పెద్దరికం చెయ్యలేదు. దారి ఊడ్చుకున్నవి ఎనిమిది. వాటిని మీరిప్పుడే దాటొచ్చారు."

"ఊడ్చుకోలేకపోతే గ్రహం కాదా! మా కోడలు వినాలి ఈ మాట" అంది తపాలావిడ. జనం నవ్వారు. హెడ్విక కూడా నవ్వింది. ఆ వేసవిలో ఆమె నవ్వడం అదే మొదటిసారని కుబెష్ తర్వాత చెప్పుకునేవాడు.

కింద వరస ఆ అక్టోబరులో ఆమే చెక్కింది. అక్షరాలు ఆమెకు అలవాటు లేవు. మరుగుజ్జు అన్న మాట వంకరగా వచ్చింది. ఎవరూ దిద్దమనలేదు. ఇంకో పదేళ్ళు ఆమె ప్రతి మే నెలలోనూ బడిపిల్లలను ఆ బాటమీద నడిపించి, మూడు షరతులూ వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది. యురేనస్, నెప్ట్యూన్ల పక్కన ఖాళీ ఎందుకుందని పిల్లలు అడిగేవాళ్ళు. రాతిపనివాడి అలవాటు అనేది. అంతకుమించి చెప్పేది కాదు.

ఆమె 2019లో పోయింది. సమాధుల తోటలో వాళ్ళ కుటుంబం రాయి మీద నాన్న, అమ్మ, బ్లాజెయ్, చివర హెడ్విక, 1945. ఆ వరస తమ్ముడు ఎప్పుడో చెక్కి పెట్టినదే. పక్కన ఖాళీలో అంకెలు వెయ్యడానికి పక్క ఊరినుంచి మనిషి యంత్రం తెచ్చాడు. చోటు సరిపోతుందో లేదోనని ముందు కొలిచాడు. పదకొండు సెంటీమీటర్లు ఉంది. పది నిమిషాల్లో పని అయిపోయింది.